యమ-యమీ సూక్తంలో లేట్ లకారం, ‘అ’ లేని భూతకాల రూపాలు

ప్రశ్న: సంస్కృతం డిగ్రీలో చదివాను, కావ్యాలు బాగానే అర్థమవుతాయి. ఇప్పుడు ఋగ్వేదం పదో మండలంలో యమ-యమీ సంవాదం చదువుతున్నాను. ‘భవాతి’, ‘నిగచ్ఛాత్’, ‘కృణవన్’, ‘ప్ర వోచత్’ లాంటివి మా ధాతురూపాల పట్టికల్లో ఎక్కడా లేవు. సబ్జంక్టివ్, ఇంజంక్టివ్ అంటారట. వీటిని లోట్‌గానో లఙ్‌గానో సర్దుకుని చదివేస్తే తప్పేమైనా ఉందా? తర్వాతి సంస్కృతంలో ఇవి ఏమైపోయాయి?

సమాధానం:

సర్దుకుని చదివితే కథ అర్థమవుతుంది, వాదన అర్థం కాదు. ఈ సూక్తం (10.10) తోబుట్టువులైన యమి, యముల మధ్య వాదులాట: మనం దంపతులం కావాలని ఆమె, కూడదని ఆయన. ఏది జరిగిపోయింది, ఏది జరగబోతుంది, ఏది ఎప్పుడూ ఉండేది అన్న తేడాల మీదే ఆ వాదులాట నడుస్తుంది. ఆ తేడాల్ని మోసేవి మీరు చెప్పిన రూపాలే.

నేను మొదటిసారి ఈ సూక్తం చదివినప్పుడు రెండో మంత్రంలో ‘భవాతి’ చూసి అచ్చుతప్పు అనుకున్నాను. పెన్సిల్‌తో దీర్ఘం కొట్టేసి ‘భవతి’ అని రాసుకున్నాను కూడా. పదకొండో మంత్రంలో మళ్ళీ ‘భవాతి’ వచ్చాక కానీ తప్పు నాదని తెలియలేదు. ఆ దీర్ఘమే సబ్జంక్టివ్ గుర్తు.

మీరు చిన్నప్పుడు “లట్ వర్తమానే లేట్ వేదే” అని వల్లె వేసే ఉంటారు. ఆ లేట్ ఇదే. పది లకారాల పేర్లూ చెప్పి, పట్టికలో దీన్ని మాత్రం వదిలేస్తారు, వేదానికే పరిమితం కాబట్టి. తయారీ సులువు. పాణిని “లేటోఽడాటౌ” (3.4.94) అని, ధాతువుకీ ప్రత్యయానికీ మధ్య ఒక ‘అ’ గానీ ‘ఆ’ గానీ వస్తుందన్నాడు. ‘భవ’ లాంటి అకారాంత అంగానికి ఆ అచ్చు తగిలితే ‘భవా-తి’. అకారాంతం కాని దానికి తగిలితే ‘అస్-అ-త్’, అంటే ‘అసత్’. పదకొండో మంత్రంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి:

కిం భ్రాతాసద్యదనాథం భవాతి
కిము స్వసా యన్నిరృతిర్నిగచ్ఛాత్

“దిక్కులేని స్థితి వచ్చేటట్టయితే ఇక అన్న ఉండి ఏం? నిరృతి వచ్చి మీద పడేటట్టయితే ఇక చెల్లెలు ఉండి ఏం?” అంటోంది యమి. ‘భ్రాతాసత్’ని విడదీస్తే భ్రాతా + అసత్. దీన్ని ‘అసత్యం’లోని అసత్ అనుకుని తికమకపడేవాళ్ళని చూశాను. ఇక్కడ అది క్రియ, ‘అస్తి’కి లేట్ రూపం. ఇంకో చిన్న సంగతి గమనించండి. ‘భవాతి’ చివర ‘తి’ ఉంది, ‘నిగచ్ఛాత్’ చివర వట్టి ‘త్’. ఒకే వాక్యంలో, ఒకే అర్థంలో రెండు రకాలు. లేట్‌లో చివరి ఇకారం ఉండొచ్చు, పోవచ్చు. పాణిని దీన్నీ “ఇతశ్చ లోపః పరస్మైపదేషు” (3.4.97) అని పట్టుకున్నాడు. అందుకే ప్రత్యయం చూసి గుర్తుపట్టాలంటే మోసపోతాం. చూడాల్సింది దాని ముందున్న అచ్చుని.

పదో మంత్రంలో యముడి మాట చూడండి:

ఆ ఘా తా గచ్ఛానుత్తరా యుగాని
యత్ర జామయః కృణవన్నజామి

“వస్తాయిలే అలాంటి యుగాలు ముందుముందు, తోబుట్టువులు తోబుట్టువులు చేయకూడనిది చేసేవి.” రెండు క్రియలూ లేట్ బహువచనమే, కానీ ‘అగచ్ఛన్’, ‘అకృణ్వన్’ లాంటి లఙ్ రూపాల్లో ‘అ’ రాలిపోయినవేమో అనిపిస్తాయి. కాదని రూపమే చెబుతుంది. ‘అ’ రాలితే ‘గచ్ఛన్’ అవ్వాలి, ఇక్కడ ‘గచ్ఛాన్’ ఉంది. ‘అ’ రాలితే ‘కృణ్వన్’ అవ్వాలి, ఇక్కడ ‘కృణవన్’ ఉంది. నుకారం గుణమై ‘ణవ’ అయింది, ఆ వకారం తర్వాతి అకారమే లేట్ తెచ్చిన అచ్చు. సంధి కూడా సాక్ష్యం పలుకుతుంది. పదం చివరి నకారానికి ముందు హ్రస్వం ఉంటే, తర్వాత అచ్చు వచ్చినప్పుడు నకారం రెట్టిస్తుంది. దీర్ఘం ఉంటే రెట్టించదు. ‘కృణవన్నజామి’లో రెట్టించింది, ‘గచ్ఛానుత్తరా’లో రెట్టించలేదు.

ఇక అర్థం. ఇక్కడ లృట్ వాడి ‘ఆగమిష్యంతి’, ‘కరిష్యంతి’ అంటే జోస్యం చెప్పినట్టుంటుంది. లిఙ్ వాడితే “రావచ్చు, చేయవచ్చు” అన్న ఊహ అవుతుంది. లేట్‌లో ఉన్నది మాట్లాడేవాడి గట్టి ఎదురుచూపు. రాక తప్పదని అతని లెక్క, కానీ ఇంకా రాలేదు. ‘ఘా’ అన్న నిపాతం ఆ గట్టితనాన్ని పెంచుతోంది. యముడి వాదన అంతా అక్కడే ఉంది. ఆ కాలం వచ్చేదే, కానీ మనది ఆ కాలం కాదు. వెంటనే “అన్యమిచ్ఛస్వ సుభగే పతిం మత్”, నన్ను కాదు, వేరే భర్తని కోరుకో అంటాడు. అది లోట్, ఎదుటి మనిషికి సూటిగా చెప్పడం. పక్కపక్కనే ఉన్న లేట్‌నీ లోట్‌నీ ఒకటిగా చదివితే, యుగాల్ని కూడా ఆయన “రండి” అని పిలుస్తున్నట్టు తయారవుతుంది.

నాకు ఈ సూక్తంలో బాగా నచ్చిన చోటు ఆ తర్వాతిది. నిరృతి ‘నిగచ్ఛాత్’ అని యమి అన్నదా, పన్నెండో మంత్రంలో యముడు అదే క్రియని, అదే రూపంలో తిప్పికొడతాడు: “పాపమాహుర్యః స్వసారం నిగచ్ఛాత్”. సోదరి మీదికి పోయేవాణ్ణి పాపి అంటారు. ఆమె నోట ఆ పదం రాబోయే ఆపద. ఆయన నోట అదే పదం ఎవడైనా అలా చేస్తే అన్న షరతు. లేట్ రెండిటికీ సరిపోతుంది. కావ్యసంస్కృతంలోకి మారిస్తే మొదటిచోట ‘నిగమిష్యతి’ కావాలేమో, రెండోచోట ‘నిగచ్ఛేత్’ కావాలి. మార్చగానే ఆ ఎత్తిపొడుపు పోతుంది.

పదమూడు, పద్నాలుగు మంత్రాల్లోనూ ఇదే ఆట. ఇంకెవతో నిన్ను “పరి ష్వజాతే లిబుజేవ వృక్షమ్”, చెట్టుని తీగ అల్లుకున్నట్టు అల్లుకుంటుందిలే అని యమి దెప్పుతుంది. నిన్నూ ఇంకొకడు అలాగే అల్లుకుంటాడు అని యముడు అదే పాదం ఆమెకి అప్పజెబుతాడు. ‘ష్వజాతే’ని ద్వివచనం అనుకోకండి. అకారాంత అంగానికి ఆత్మనేపద ద్వివచనం ‘ఏతే’ అవుతుంది (‘లభేతే’లాగా). ఇక్కడి ‘ఆతే’ లేట్ ఏకవచనం.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. ఇంజంక్టివ్‌కి పాణిని విడిగా లకారం పేరు పెట్టలేదు. లుఙ్, లఙ్ రూపాల ముందు రావాల్సిన ‘అ’ (అట్ ఆగమం) వేదంలో ‘మా’ లేకపోయినా చాలాచోట్ల రాదు అని ఊరుకున్నాడు: “బహులం ఛందస్యమాఙ్యోగేఽపి” (6.4.75). అంటే ఆయన లెక్కలో ఇది ఏదో లోపించిన లుఙ్. ఆధునిక భాషాశాస్త్రం దీన్ని తలకిందులుగా చూస్తుంది. మూలరూపం ‘అ’ లేనిదే. కాలం చెప్పాలనుకున్నప్పుడు దానికి ‘అ’ తగిలించారు. తగిలించకపోతే అందులో కాలం లేదు, పని పేరు మాత్రమే ఉంది. 1967లో కార్ల్ హోఫ్‌మన్ అనే జర్మన్ పండితుడు వేదంలోని ఇంజంక్టివ్ మీదే ఒక పుస్తకం రాసి, ఇది వార్త చెప్పడానికి కాదు, సంగతిని ప్రస్తావించడానికి అన్నాడు.

ప్రస్తావన అంటే ఏమిటో తెలుగులో సులువుగా పట్టుకోవచ్చు. మన పాత పురాణాల పుస్తకాల్లో అధ్యాయాల మీద “కృష్ణుడు గోవర్ధనగిరి నెత్తుట” అని ఉంటుంది చూడండి. ఎత్తాడా, ఎత్తుతున్నాడా, ఎత్తుతాడా అని ఆ ‘ఎత్తుట’ చెప్పదు. వినేవాడికి ఆ సంగతి ముందే తెలుసు, దాన్ని గుర్తుచేయడం వరకే పని. పోలిక పూర్తిగా కుదరదు, ఎందుకంటే ‘ఎత్తుట’ నామవాచకం, ఇంజంక్టివ్‌కి పురుషా వచనమూ ఉంటాయి. కానీ కాలం విషయంలో మాత్రం అచ్చం అంతే.

ఐదో మంత్రంలో యమి అంటుంది:

గర్భే ను నౌ జనితా దంపతీ కర్
దేవస్త్వష్టా సవితా విశ్వరూపః

ఆ ‘కర్’ ఏమిటో తెలియక చాలామంది ఆగిపోతారు. కృధాతువు లుఙ్, ప్రథమపురుష ఏకవచనం: ‘కర్-త్’లో తకారం పడిపోగా మిగిలింది ‘కర్’. విడిగా పలికితే ‘కః’ అవుతుంది, అప్పుడు “ఎవడు?” అన్న ప్రశ్నతో కలిసిపోతుంది. ‘అ’ ఉంటే ‘అకః’. ఇక్కడ లేదు. అర్థం, “గర్భంలోనే మనిద్దర్నీ దంపతుల్ని చేయడం ఆ జనకుడి పని”. ‘అకః’ అని ఉంటే “చేశాడు” అని జరిగిపోయిన సంఘటన చెప్పినట్టు, యముడు “అప్పుడెప్పుడో చేశాడేమో” అని తప్పించుకోవచ్చు. కాలం లేని రూపంతో యమి దాన్ని మార్చలేని ఏర్పాటుగా నిలబెడుతోంది. తర్వాతి పాదం అందుకు తోడు: “నకిరస్య ప్ర మినంతి వ్రతాని”, ఆయన కట్టడలని ఎవరూ మీరరు. అది లట్.

ఒక ఆక్షేపణ ఉంది, నిజాయితీగా చెప్పాలి. ఇది త్రిష్టుప్, పాదానికి 11 అక్షరాలు. గర్-భే-ను-నౌ-జ-ని-తా-దం-ప-తీ-కర్, సరిగ్గా పదకొండు. ‘దంపతీ’ ద్వివచనం కాబట్టి తర్వాత ‘అకః’ వచ్చినా సంధి జరగదు, పన్నెండవుతాయి. అందుకని ఛందస్సు కోసమే ‘అ’ వదిలేశారు, అర్థభేదం ఏమీ లేదు అనేవాళ్ళున్నారు. ఈ ఒక్క పాదం చూసి వాళ్ళని కాదనలేం. నేను అర్థభేదం వైపే మొగ్గడానికి కారణం, ఈ సూక్తంలో ‘అ’ ఉన్న చోట్లు కూడా అర్థానికి అంతే చక్కగా కుదరడం. పదమూడో మంత్రంలో అదే యమి “నైవ తే మనో హృదయం చావిదామ” అంటుంది. చ + అవిదామ, ‘అ’ ఉంది. “నీ మనసూ గుండే మాకు దొరకనే లేదు.” అంతసేపు వాదించాక తేలిన ఫలితం అది, ఇప్పుడే జరిగిన సంగతి. అక్కడ కాలం చెప్పాలి, చెప్పింది.

యముడి వైపు నుంచి కూడా ఒక జత దొరుకుతుంది. రెండో మంత్రంలో అసురుడి వీరపుత్రులు, ఆకాశాన్ని మోసేవాళ్ళు, “ఉర్వియా పరి ఖ్యన్” అన్నాడు. ‘అఖ్యన్’లో ‘అ’ లేని రూపం. “నలుదిక్కులా చూస్తూ ఉండేవాళ్ళు” అని భావం. ఎనిమిదో మంత్రంలో దాదాపు ఇదే మాట లట్‌లో చెప్పాడు: “న తిష్ఠంతి న ని మిషంత్యేతే దేవానాం స్పశ ఇహ యే చరంతి”. ఇక్కడ తిరిగే దేవతల వేగులు ఆగరు, రెప్ప వేయరు. మొదటిది అందరికీ తెలిసిన సత్యాన్ని గుర్తుచేయడం. రెండోది ‘ఇహ’ అని వేలు పెట్టి, ఇదిగో ఇక్కడే తిరుగుతున్నారు అని భయపెట్టడం. లట్‌కీ ఇంజంక్టివ్‌కీ ఉన్న దూరం ఇంతకన్నా బాగా చూపించే చోటు నాకు వేరే తెలియదు.

మీరడిగిన ‘ప్ర వోచత్’ ఆరో మంత్రంలోది: “కో అస్య వేద ప్రథమస్యాహ్నః క ఈం దదర్శ క ఇహ ప్ర వోచత్”. ఆ మొదటి రోజు గురించి ఎవడికి తెలుసు, ఎవడు చూశాడు, ఎవడు ఇక్కడ చెప్పగలడు? నాసదీయ సూక్తంలో (10.129) కూడా “కో అద్ధా వేద క ఇహ ప్ర వోచత్” అని ఇదే పలుకుబడి వస్తుంది. దీన్ని ‘ప్రావోచత్’ అనుకుని “ఎవడు చెప్పాడు” అని అనువదిస్తే ప్రశ్న చప్పబడిపోతుంది. రూపానికి సొంతంగా కాలం లేదు కాబట్టి ‘కః’ అన్న ప్రశ్న, ‘ఇహ’ అన్న మాట దాన్ని “చెప్పగలడు” వైపుకి లాగాయి. అదే మంత్రంలో ‘బ్రవ ఆహనః’ అని ఉంది, పదపాఠంలో ‘బ్రవః’. అది బ్రూధాతువుకి లేట్ మధ్యమపురుష, “ఏమని చెబుతావు?” అని.

ఇంత చెప్పాక ఒక ఉచ్చు కూడా చూపించాలి, అందరూ పడేది. ఏడో మంత్రం మొదలు:

యమస్య మా యమ్యం కామ ఆగన్

‘మా’ కనిపించింది, క్రియ లుఙ్‌లా ఉంది, ‘అ’ ఉందో లేదో తెలియడం లేదు. కావ్యాల అలవాటు కొద్దీ “యముడి మీద కోరిక రాకుండుగాక” అని చదివేస్తాం. నిజానికి ఈ ‘మా’ నిషేధం కాదు, ‘మామ్’కి పొట్టిరూపం: “యమి అయిన నన్ను యముడి మీది కోరిక ఆవహించింది.” స్వరం చూస్తే తెలిసిపోతుంది. నిషేధార్థక ‘మా’కి ఉదాత్తం ఉంటుంది, ‘నన్ను’ అనే ‘మా’కి ఉండదు. స్వరం లేని ప్రతులు చదివితే వచ్చే తిప్పలివి. ‘ఆగన్’ సంగతీ అంతే. ఆ + గన్ అయినా, ఆ + అగన్ అయినా సంధిలో ఒకేలా కనిపిస్తుంది. పదపాఠం ‘అగన్’ అనే విడదీస్తుంది, ఇప్పుడే కలిగిన కోరిక కాబట్టి అర్థం కూడా దాన్నే సమర్థిస్తుంది. కానీ ఇలాంటి చోట రూపం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ముందు పదం ఆకారంతో ముగిస్తే ‘అ’ ఉందో లేదో చెవికి తెలియదు.

తర్వాతి సంస్కృతంలో ఏమయ్యాయి అన్నారు. లేట్ పూర్తిగా పోలేదు, వేషం మార్చుకుని మీ పట్టికలోనే ఉంది. లోట్ ఉత్తమపురుష చూడండి: భవాని, భవావ, భవామ. మిగతా లోట్ రూపాలతో (భవతు, భవ) వీటికి పోలికే లేదు, ఆ దీర్ఘం ఎక్కడిది? “ఆడుత్తమస్య పిచ్చ” (3.4.92) అని పాణిని ఇక్కడ కూడా అదే ‘ఆట్’ చేర్చమన్నాడు. చరిత్ర ప్రకారం ఇవి లేట్ రూపాలే, లోట్‌కి సొంత ఉత్తమపురుష లేక వీటిని తెచ్చిపెట్టుకున్నారు. అందుకే ‘కిం కరవాణి’ అంటే తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకోవడంలా ఉండదు, మన “ఏం చేయను?” లాగా ఉంటుంది. ప్రథమ, మధ్యమ పురుషల్లో మాత్రం లేట్ ఆస్తిని లోట్, లిఙ్, లృట్ పంచుకున్నాయి.

ఇంజంక్టివ్ ఒక్కచోట బతికింది, ‘మా’ పక్కన. మన ఊళ్ళలో అభిషేకం చేసేటప్పుడు నమకంలో “మా నో మహాంతముత మా నో అర్భకమ్”, “మా నో వధీః పితరమ్” వింటాం కదా, ఆ ‘వధీః’ ‘అవధీః’లో ‘అ’ లేని రూపం, “చంపకు”. గీతలో “క్లైబ్యం మా స్మ గమః” (2.3), “మా శుచః” (18.66) అవే. పాత భాషలో ఇక్కడా ఒక తేడా ఉండేది. ‘మా’తో లుఙ్ ఇంజంక్టివ్ వాడితే ముందే వద్దనడం, లఙ్‌లోంచి వచ్చిన ఇంజంక్టివ్ వాడితే చేస్తున్నది ఆపమనడం. అర్జునుడు అప్పటికే దుఃఖిస్తున్నాడు, అయినా కృష్ణుడు లుఙ్‌తోనే ‘మా శుచః’ అన్నాడు. ఆ తేడా అప్పటికే చెరిగిపోయింది. ఇంకా చిత్రం, “మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి” (2.47) అన్న చోట మొదటి ‘మా’కి ‘భూః’ అని పాత పద్ధతి, రెండో ‘మా’కి ‘అస్తు’ అని లోట్. ఋగ్వేదంలో ‘మా’తో లోట్ కనబడదు. ఒకే శ్లోకార్ధంలో పాత ఇల్లూ కొత్త ఇల్లూ పక్కపక్కన ఉన్నట్టు.

ఇక మనందరికీ నోటికి వచ్చిన “మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః”. ‘మా’ ఉంది కాబట్టి “న మాఙ్యోగే” (6.4.74) ప్రకారం ‘గమః’ అనాలి, వాల్మీకి నోట ‘అగమః’ అని వచ్చింది. ఇది సూత్రంలోని ‘మాఙ్’ కాదు, వేరే ‘మా’ అని సర్దిచెప్పేవాళ్ళున్నారు, ఆర్షప్రయోగం అని వదిలేసేవాళ్ళున్నారు. నా మట్టుకు, ఆ ‘అ’ ఎందుకు ఉండకూడదో భాషకి అప్పటికే గుర్తులేదనిపిస్తుంది. యమి ‘కర్’ అన్నప్పుడు వదిలేసిన ‘అ’కి ఒక అర్థం ఉంది. ‘అగమః’ దగ్గరికి వచ్చేసరికి అది ఉన్నా లేకపోయినా ఒకటే.